39 శాతం ఓట్లకు ఎన్ని సీట్లు? ఎగ్జిట్ పోల్ అంకెల వెనుక లెక్క

2024 అక్టోబర్ 5 సాయంత్రం హర్యానాలో పోలింగ్ ముగిసింది. ఆ రాత్రి వెలువడిన ఎగ్జిట్ పోల్స్ దాదాపు అన్నీ కాంగ్రెస్‌దే అధికారమన్నాయి. 90 సీట్లలో ఆ పార్టీకి 50కి పైగా ఇచ్చినవే ఎక్కువ. 8వ తేదీ పొద్దున లెక్కింపు మొదలైన కాసేపటికే ఆధిక్యాల్లో కాంగ్రెస్ మెజారిటీ మార్కు 46 దాటింది. పార్టీ ఆఫీసులో సంబరాలు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి లెక్క తారుమారైంది. చివరికి బీజేపీకి 48 సీట్లు, కాంగ్రెస్‌కు 37 వచ్చాయి.

ఇప్పుడు ఓట్లు చూడండి. బీజేపీకి 39.94 శాతం, కాంగ్రెస్‌కు 39.09 శాతం. తేడా 0.85 శాతం. ఇంత సన్నని తేడాను మామూలు సర్వే పట్టుకోగలదా? దాన్నుంచి సీట్ల లెక్క ఎలా కడతారు? పొద్దున ఎనిమిదిన్నరకు తెరమీద కనిపించిన ఆధిక్యాలు నిజంగా ఏం చెప్పాయి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వేరు. వార్తల్లో మాత్రం మూడూ కలిసిపోయి, ‘సర్వేలు తప్పాయి’ అనే ఒక్క మాటగా మిగిలిపోతాయి.

ఎవరిని, ఎప్పుడు అడిగారు

పోలింగ్‌కు ముందు, ఎవరికి ఓటేయాలనుకుంటున్నారని అడిగితే అది ఒపీనియన్ పోల్. అక్కడ దొరికేది ఉద్దేశం. ఉద్దేశం మారొచ్చు, చెప్పినవాళ్లు పోలింగ్ రోజు బూత్‌కే రాకపోవచ్చు. ఓటేసి బయటికి వస్తున్నవాళ్లను బూత్ దగ్గరే ఆపి అడిగితే అది ఎగ్జిట్ పోల్. ఓటేయని వాళ్లు ఇందులో ఉండరు, వేసి నిమిషాలే అయింది కాబట్టి మర్చిపోవడం కూడా ఉండదు. దీని బలం ఇదే. పోలింగ్ అయ్యాక, లెక్కింపుకు ముందు, ఓటర్ల జాబితాలోంచి పేర్లు ఎంచుకుని ఇంటికెళ్లి అడిగేది పోస్ట్ పోల్. సీఎస్‌డీఎస్-లోక్‌నీతి పరిశోధన సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇదే. వాళ్లు ఓటరు చేతికి నమూనా బ్యాలెట్ ఇచ్చి, గుర్తు పెట్టి పెట్టెలో వేయమంటారు. అడిగినవాడి ముందు పార్టీ పేరు నోటితో చెప్పాల్సిన ఇబ్బంది తగ్గుతుంది.

మన దగ్గర ‘ఎగ్జిట్ పోల్’ పేరుతో వచ్చేవన్నీ బూత్ దగ్గర చేసినవే అనుకోవడానికి లేదు. కొన్ని ఇళ్ల దగ్గర చేసినవి, కొన్ని ఫోన్‌లో చేసినవి. ఏది ఎలా చేశారో తెలియకుండా రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి సగటు తీస్తే, ఆ సగటుకు పెద్ద అర్థం ఉండదు.

ప్లస్ ఆర్ మైనస్ దేనిమీద?

పదిహేను వందల మందిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని అడిగామనుకుందాం. ఎ పార్టీకి 42 శాతం, బి పార్టీకి 39 శాతం వచ్చాయి. అందరినీ కాక కొందరినే అడిగాం కాబట్టి, వేరే పదిహేను వందల మంది దొరికి ఉంటే అంకె కాస్త అటూఇటూ వచ్చేది. ఆ అటూఇటూ ఎంత ఉంటుందో చెప్పేదే మార్జిన్ ఆఫ్ ఎర్రర్. లెక్క కష్టమైనదేమీ కాదు. శాంపిల్ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 98ని భాగించండి. 1,500కి వర్గమూలం దాదాపు 38.7. అంటే ప్లస్ ఆర్ మైనస్ 2.5 శాతం. ఇదే సర్వేను ఇదే పద్ధతిలో వంద సార్లు చేస్తే, దాదాపు 95 సార్లు అసలు శాతం మన అంకెకు ఇంత దూరంలోనే ఉంటుంది. మిగతా అయిదు సార్లు ఉండదు. పద్ధతిలో ఏ లోపమూ లేకపోయినా ఉండదు.

ఇక్కడ వర్గమూలం ఉందన్నది ముఖ్యం. శాంపిల్‌ను నాలుగు రెట్లు చేస్తే పొరపాటు సగమే తగ్గుతుంది. వెయ్యి మందితో 3.1 శాతం, నాలుగు వేల మందితో 1.5 శాతం. రాష్ట్రం ఎంత పెద్దదన్న దానితో దీనికి దాదాపు సంబంధం లేదు. ‘రెండు కోట్ల ఓటర్లున్న రాష్ట్రంలో నాలుగు వేల మందితో ఏం తెలుస్తుంది’ అనే విమర్శ తరచూ వినిపిస్తుంది కానీ, అది గురి తప్పిన విమర్శ. ఎంతమందిని అడిగారన్న దానికన్నా వాళ్లను ఎలా ఎంచుకున్నారన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

ఇక పత్రికల్లో మాటిమాటికీ జరిగే పొరపాటు చూద్దాం. పై సర్వేలో ఎ పార్టీ ఆధిక్యం 3 శాతం, ప్రకటించిన మార్జిన్ 2.5 శాతం. మార్జిన్ కన్నా ఆధిక్యమే ఎక్కువ కాబట్టి ‘ఎ పార్టీ స్పష్టంగా ముందంజ’ అని శీర్షిక పెడతారు. కానీ ఆ 2.5 ఒక్కో పార్టీ శాతం మీద వర్తించేది. ఆధిక్యమంటే రెండు అంకెల తేడా. ఎ పార్టీ అంకె అసలుకన్నా ఎక్కువ వచ్చిన సర్వేలో సాధారణంగా బి పార్టీ అంకె తక్కువే వస్తుంది, ఎందుకంటే ఇద్దరూ పంచుకునేది అదే శాంపిల్‌ను. అందుకని తేడా మీద పొరపాటు దాదాపు రెట్టింపు అవుతుంది. ఈ ఉదాహరణలో కచ్చితంగా లెక్కిస్తే 4.6 శాతం. అంటే ఎ పార్టీ 7.6 శాతం ముందు ఉండొచ్చు, 1.6 శాతం వెనకా ఉండొచ్చు. ఈ సర్వే నుంచి నిజాయితీగా రాయగలిగింది ‘ఎ పార్టీకి కొంత మొగ్గు కనిపిస్తోంది, పోటీ తేలలేదు’ అని మాత్రమే.

అలాగని ‘ఇద్దరూ సమానం’ అని రాయడం కూడా తప్పే. మార్జిన్ లోపల ఉన్నంత మాత్రాన 3 శాతం ఆధిక్యం సున్నా అయిపోదు. ఎ ముందుండే అవకాశం బి కన్నా ఎక్కువే.

ఈ లెక్కను హర్యానాకు వర్తింపజేద్దాం. 0.85 శాతం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే, ఏ పక్షపాతమూ లేకుండా లాటరీలో ఎంచుకున్న ఓటర్లు దాదాపు 42,000 మంది కావాలి. అదీ ఒక్కొక్కరినీ రాష్ట్రం మొత్తం నుంచి విడివిడిగా ఎంచుకుంటే. అలా ఎవరూ చేయరు, చేయలేరు.

బూత్‌కు ఇరవై మంది

సర్వే చేసేవాళ్లు కొన్ని బూత్‌లు ఎంచుకుని, ఒక్కో దగ్గర ఇరవయ్యో ముప్పయ్యో మందిని అడుగుతారు. ఖర్చు అలాగే కలిసొస్తుంది. అయితే ఒక బూత్ పరిధిలో ఉండేవాళ్లు ఒకే వాడవాళ్లు, చాలాసార్లు ఒకే కులం, ఒకే మతం, ఒకే రకం బతుకుతెరువు ఉన్నవాళ్లు. పదిమందిని అడిగాక పదకొండోవాడు కొత్తగా చెప్పేది తక్కువ. దీన్ని లెక్కలోకి తీసుకునేందుకు ఒక సూత్రం ఉంది. వంద బూత్‌లలో ఇరవై మంది చొప్పున 2,000 మందిని అడిగారనుకుందాం. ఒక బూత్‌లో వాళ్ల ఓట్లు ఒకదానితో ఒకటి పోలి ఉండే స్థాయి 0.05 అనుకుందాం, ఇది కొంచెమే. అప్పుడు శాంపిల్ సంఖ్యను భాగించాల్సిన గుణకం: 1 కూడిక 19 సార్లు 0.05, అంటే 1.95. రెండు వేల మంది శాంపిల్ విలువ దాదాపు 1,025 మందికి పడిపోతుంది. ప్రకటించిన మార్జిన్ 2.2 అయితే, అసలు మార్జిన్ 3.1.

కాబట్టి సర్వే వార్తలో శాంపిల్ సంఖ్య పక్కనే ఎన్ని బూత్‌లన్నది కూడా ఉండాలి. రెండు వేల మందిని 40 బూత్‌లలో అడగడం వేరు, 200 బూత్‌లలో అడగడం వేరు. వార్తల్లో ఈ అంకె దాదాపు ఎప్పుడూ కనిపించదు.

మార్జిన్‌లోకి రాని పొరపాటు

ఇంతవరకు చెప్పిందంతా లాటరీ వల్ల వచ్చే తేడా. దానికి సూత్రం ఉంది. సూత్రానికి లొంగని పొరపాటు వేరొకటుంది, ఎన్నికల సర్వేలను ఎక్కువసార్లు ముంచేది అదే: జవాబిచ్చేవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకేలా ఓటేయకపోవడం.

2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎగ్జిట్ పోల్స్ జాన్ కెర్రీకి అసలుకన్నా ఎక్కువ ఓట్లు చూపించాయి. ఆ సర్వే చేసిన సంస్థలు తర్వాత తమ తప్పును తామే తవ్వి నివేదిక ఇచ్చాయి. కెర్రీ ఓటర్లలో 56 శాతం, బుష్ ఓటర్లలో 50 శాతం జవాబిచ్చి ఉంటే చాలు, కనిపించిన తేడా అంతా వచ్చేస్తుందని అందులో లెక్క చూపించారు. ఆ అంకెలతోనే మనమూ చేసి చూద్దాం. ఇద్దరికీ సరిగ్గా వెయ్యేసి మంది ఓటేశారనుకోండి. ఒకరి వైపు నుంచి 560 మంది, రెండోవారి వైపు నుంచి 500 మంది జవాబిస్తారు. సర్వేలో 52.8, 47.2 శాతం వస్తాయి. అసలు పోటీ సమానం, సర్వేలో మాత్రం దాదాపు 5.7 శాతం ఆధిక్యం.

ఇప్పుడు శాంపిల్‌ను పది రెట్లు చేయండి. మార్జిన్ బాగా కుదించుకుపోతుంది, ఆధిక్యం మాత్రం అదే 5.7 దగ్గర నిలుస్తుంది. శాంపిల్ పెరిగేకొద్దీ తప్పు అంకె మీద నమ్మకం పెరుగుతుంది, అంతే. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు లక్షల మందిని అడిగామని చెప్పుకున్న సర్వే కూడా ఎన్డీఏకు 361 నుంచి 401 సీట్లు ఇచ్చింది. వచ్చినవి 293. కింది అంచుకు కూడా 68 తక్కువ.

జవాబివ్వకపోవడానికి కారణాలు చోటును బట్టి మారతాయి. గెలుస్తుందని అందరూ అనుకుంటున్న పార్టీ పేరు చెప్పడం సులువు. ఊళ్లో బలమున్న వర్గం ఒకవైపు ఉంటే, రెండోవైపు ఓటేసినవాళ్లు నోరు విప్పరు, లేదా అడిగినవాడికి నచ్చుతుందనుకున్న పేరే చెబుతారు. మగవాళ్లు ముందుకొచ్చి మాట్లాడతారు, ఆడవాళ్లు పనుందని వెళ్లిపోతారు. దీన్ని సరిచేయడానికి వెయిటింగ్ అనే పద్ధతి వాడతారు. శాంపిల్‌లో ఆడవాళ్లు 35 శాతమే ఉండి, ఓటేసినవాళ్లలో 49 శాతం ఉంటే, ఒక్కో మహిళ జవాబును 1.4గా లెక్కిస్తారు. ఇది కొంతవరకే పనిచేస్తుంది. జవాబిచ్చిన మహిళలూ ఇవ్వని మహిళలూ ఒకేలా ఓటేశారన్న ఊహ అందులో దాగి ఉంది. ఆ ఊహ తప్పితే వెయిటింగ్ దాన్ని దిద్దలేదు, 1.4 రెట్లు చేస్తుంది.

అమెరికాలో 1998 నుంచి 2014 దాకా జరిగిన వందలాది ఎన్నికల పోల్స్‌ను ఫలితాలతో పోల్చి చూసిన అధ్యయనంలో, అసలు పొరపాటు ప్రకటించిన మార్జిన్లు సూచించే దానికి దాదాపు రెట్టింపు ఉందని తేలింది. ఏదైనా సర్వే ‘ప్లస్ ఆర్ మైనస్ 3’ అంటే దాన్ని 6గా చదువుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు.

ఓట్ల నుంచి సీట్లకు

సర్వే కొలిచేది ఓట్లను. సీట్లను ఏ సర్వే కొలవదు, ఓట్ల అంకె నుంచి ఊహిస్తారు. ఈ రెండో మెట్టు దగ్గర ఎంత అనిశ్చితి ఉందో చెప్పడానికి మన ముందే రెండు రాష్ట్రాలున్నాయి. 2024లో హర్యానాలో కాంగ్రెస్‌కు 39.09 శాతం ఓట్లతో 90కి 37 సీట్లు వచ్చాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లతో 175కి 11 సీట్లే వచ్చాయి. హర్యానాలో 39.94 శాతంతో బీజేపీ ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. ఇంచుమించు ఒకే ఓట్ల శాతానికి మూడు రకాల గతి పట్టింది. తేడా ఎక్కడంటే, ఎదుట ఉన్న ఓట్లు ఎలా పోగయ్యాయన్న దాంట్లో. ఆంధ్రలో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి ఒక్క అభ్యర్థినే నిలబెట్టి 55 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్నాయి. హర్యానాలో రెండు ప్రధాన పార్టీలు సమానంగా ఉండి, మిగతా ఓట్లు ఇండిపెండెంట్లకూ చిన్న పార్టీలకూ చెదిరిపోయాయి.

ఒకే పార్టీని రెండు ఎన్నికల్లో చూసినా అంతే. లోక్‌సభలో బీజేపీ ఓట్లు 2019లో 37.36 శాతం, 2024లో 36.56 శాతం. తగ్గింది ఒక శాతం కూడా కాదు. సీట్లు మాత్రం 303 నుంచి 240కి పడ్డాయి. దేశం మొత్తం ఓట్ల శాతాన్ని కచ్చితంగా పట్టుకున్న సర్వే కూడా, ఆ ఓట్లు ఏ రాష్ట్రంలో పెరిగి ఏ రాష్ట్రంలో తగ్గాయో పట్టుకోకపోతే, సీట్లలో అరవై దాకా తప్పొచ్చు.

మామూలుగా చేసే లెక్క ఇది. గత ఎన్నికల్లో ప్రతి నియోజకవర్గంలో వచ్చిన ఓట్లు తీసుకుంటారు. రాష్ట్రం మొత్తం మీద పార్టీకి ఎంత పెరిగింది, ఎంత తగ్గిందో ఆ మార్పును, అంటే స్వింగ్‌ను, ప్రతి సీటుకూ కలుపుతారు. ఎవరు ముందున్నారో చూసి సీట్లు పంచుతారు. ఈ చివరి పంపకంలో ఒక ఉచ్చు ఉంది. ఇరవై సీట్లలో పోటీ హోరాహోరీగా ఉందనుకోండి, ఒక్కోదాంట్లో ఎ పార్టీ గెలిచే అవకాశం 60 శాతం. ముందున్నవాళ్లకే సీటు అని లెక్కేస్తే ఇరవైకి ఇరవై ఎ పార్టీకే పోతాయి. అవకాశాలను కూడితే 12 వస్తాయి. ఒకే సర్వే, ఒకే ఓట్లు, సీట్లలో ఎనిమిది తేడా.

పన్నెండు సరైన సగటే, కానీ అది కూడా ఊరటనిచ్చేంత గట్టి అంకె కాదు. సర్వేలో జవాబివ్వని వాళ్ల వల్ల ఒకవైపు మొగ్గు చేరి ఉంటే, అది ఇరవై సీట్లలోనూ ఒకేలా చేరి ఉంటుంది. అప్పుడు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఇరవయ్యీ కలిసి ఒకేవైపు ఒరుగుతాయి. అందుకే నిజాయితీగా ఇచ్చే సీట్ల పరిధి చాలా వెడల్పుగా ఉండాలి. ‘52 నుంచి 56’ అని నాలుగు సీట్ల పరిధి ఇచ్చిన సర్వే, తన దగ్గర లేని కచ్చితత్వాన్ని చూపిస్తోంది.

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెంటికీ బలముంది. ఓట్ల శాతంతో ఆగిపోయి సీట్లు చెప్పకూడదని కొందరు గణాంకవేత్తలంటారు. కొలవనిదాన్ని కొలిచినట్టు చెప్పడం వాళ్ల అభ్యంతరం. ప్రభుత్వాన్ని నిర్ణయించేది సీట్లే, జనం అడిగేదీ సీట్లే, మనం చెప్పకపోతే ఓట్ల శాతాన్ని పట్టుకుని ఇంకెవరో ఇంకా అధ్వానంగా ఊహిస్తారని సర్వే సంస్థలంటాయి. ఓట్ల అంచనాను ముందు, సీట్ల అంచనాను వెడల్పాటి పరిధితో తర్వాత, రెండూ వేర్వేరుగా ఇస్తే ఇద్దరి మాటకూ చాలావరకు న్యాయం జరుగుతుంది. ఓట్ల శాతం చెప్పకుండా సీట్లు మాత్రమే ఇచ్చే ఎగ్జిట్ పోల్‌ను మాత్రం సమర్థించడం కష్టం. అది తప్పితే ఎక్కడ తప్పిందో తర్వాత కూడా తెలియదు.

బ్రిటన్ అంకె ఎందుకు దగ్గరగా వస్తుంది

2019లో బ్రిటన్ ఎగ్జిట్ పోల్ కన్సర్వేటివ్‌లకు 368 సీట్లు చెప్పింది, 365 వచ్చాయి. అక్కడ మూడు టీవీ సంస్థలు కలిసి ఒకే సర్వే చేయిస్తాయి. దాని రహస్యం పోలింగ్ కేంద్రాల ఎంపికలో ఉంది. వీలైనంతవరకు గత ఎన్నికల్లో వెళ్లిన కేంద్రాలకే మళ్లీ వెళ్తారు. ఓటరు చేతికి నకలు బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయమంటారు. ఆ కేంద్రంలో పోయినసారి వచ్చిన సర్వే అంకెకూ ఈసారి అంకెకూ తేడా చూస్తారు. ఒక కేంద్రంలో ఒక పార్టీవాళ్లు ఎప్పుడూ జవాబివ్వరనుకోండి, రెండుసార్లూ ఇవ్వరు. తీసివేతలో ఆ పక్షపాతం చాలావరకు పోతుంది. వాళ్లు కొలిచేది మార్పును.

దీనికీ హద్దుంది. పోయినసారి లేని బలం ఈసారి కొత్తగా వస్తే పోల్చడానికి ఆధారం ఉండదు. 2024లో అదే సర్వే రిఫార్మ్ పార్టీకి 13 సీట్లు చెబితే 5 వచ్చాయి. పొత్తులు ప్రతి ఎన్నికకూ మారి, పార్టీలు చీలుతూ కలుస్తూ ఉండే మన రాష్ట్రాల్లో ఈ పద్ధతి అలాగే పనిచేస్తుందనుకోలేం.

మొదటి రౌండ్ ఏ ఊరిది?

లెక్కింపు ఉదయం ఎనిమిదింటికి, ముందుగా పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. అరగంట తర్వాత ఈవీఎంలు. ఒక అసెంబ్లీ సెగ్మెంట్‌కు సాధారణంగా 14 టేబుళ్లు వేస్తారు. బూత్‌ల వరుస నంబర్ల ప్రకారం యంత్రాలు టేబుళ్ల మీదికి వస్తాయి. ఒకటి నుంచి 14 దాకా బూత్‌లు మొదటి రౌండ్, 15 నుంచి 28 రెండో రౌండ్. బూత్ నంబర్లు ఊళ్ల వరుసలో ఉంటాయి కాబట్టి, మొదటి రౌండ్ అంటే నియోజకవర్గంలో ఒక మూల. పట్టణం మొత్తం ఎనిమిదో రౌండ్‌లోనో పదో రౌండ్‌లోనో ఒక్కసారిగా రావొచ్చు. తొలి రౌండ్లు శాంపిల్ కావు. సర్వేకు ఉన్నపాటి ప్రాతినిధ్యం కూడా వాటికి ఉండదు.

ఒక నియోజకవర్గం తీసుకుందాం. 252 బూత్‌లు, 18 రౌండ్లు, బూత్‌కు దాదాపు 800 ఓట్లు, రౌండ్‌కు 11,200. నాలుగు రౌండ్లయ్యేసరికి ఎ పార్టీ అభ్యర్థి 6,000 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు. అంకె పెద్దగానే కనిపిస్తుంది. కానీ ఇంకా 14 రౌండ్లలో 1,56,800 ఓట్లున్నాయి. వాటిలో ప్రత్యర్థికి 3.8 శాతం ఆధిక్యం వస్తే చాలు, లెక్క సమానమవుతుంది. అదే 6,000 ఆధిక్యం పదహారో రౌండ్ తర్వాత ఉంటే, మిగిలినవి 22,400 ఓట్లే. ప్రత్యర్థి వాటిలో దాదాపు 27 శాతం తేడాతో ముందుండాలి. బాగా పట్టున్న ఊళ్లు మిగిలి ఉంటే తప్ప అది జరగదు. ఆధిక్యం ఒక్కటే, అర్థం వేరు. ఎన్నో రౌండ్, మొత్తం ఎన్ని రౌండ్లు అన్నది చెప్పకుండా ‘6,000 ఓట్ల ఆధిక్యం’ అని వేయడం సగం వార్తే.

హర్యానా ఉదయం జరిగింది ఇదే, 90 సార్లు. కొన్ని చోట్ల పోస్టల్ బ్యాలెట్లు, కొన్ని చోట్ల ఒకటో రౌండ్, వందల్లో ఉన్న ఆధిక్యాలు కూడా ఒక్కో సీటుగా కూడి, మొత్తం అంకె తెరమీదికి వచ్చింది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కనిపించేదీ, చానెళ్లు కేంద్రాల దగ్గరున్న తమ విలేకరుల ద్వారా తెప్పించుకునేదీ ఒకే సమయానికి ఒకేలా ఉండవు. ఆ రోజు వెబ్‌సైట్‌లో అంకెలు ఆలస్యంగా మారుతున్నాయని కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది, సంఘం తోసిపుచ్చింది. ఏ అంకె ఎక్కడిదో, ఎన్ని గంటలకు తీసుకున్నదో పక్కన రాసి ఉంటే ఆ గందరగోళం చాలావరకు తగ్గేది.

తొందరపాటుకు కొలమానంగా ఇప్పటికీ చెప్పుకునే ఘటన 2000 నాటి అమెరికా ఎన్నిక. ఫ్లోరిడాను టీవీ నెట్‌వర్కులు సాయంత్రం అల్ గోర్‌కు ప్రకటించి, తర్వాత వెనక్కి తీసుకుని, తెల్లవారుజామున బుష్‌కు ప్రకటించి, మళ్లీ వెనక్కి తీసుకున్నాయి. చివరికి తేడా 537 ఓట్లు. రాష్ట్రంలో ఒక భాగం వేరే టైమ్ జోన్‌లో ఉండటంతో, మొదటి ప్రకటన వచ్చేసరికి అక్కడ ఇంకా పోలింగ్ కూడా ముగియలేదు.

చట్టం ఎక్కడిదాకా

భారత ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘం నోటిఫై చేసిన సమయంలో ఎగ్జిట్ పోల్ ఫలితాలు ప్రచురించకూడదు. అన్ని దశల పోలింగ్ ముగిసి అరగంట గడిచాకే వాటికి అనుమతి. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలింగ్ ముగింపుకు ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్స్ మీద కూడా నిషేధముంది.

అంతకు ముందు నుంచే నిషేధించాలన్న డిమాండ్ తరచూ వస్తుంది. గెలిచేవాళ్ల వైపు ఓటర్లు మళ్లుతారనీ, డబ్బిచ్చి చేయించుకున్న సర్వేలు ప్రచారమే అవుతాయనీ ఆ వాదన. పార్టీలు తమ సొంత సర్వేలు ఎలాగూ చేయించుకుంటాయి, నిషేధిస్తే ఆ సమాచారం లేకుండా పోయేది ఓటరుకేనని ఎదురువాదన. ఓటరు మీద ప్రభావం కూడా ఒకే దిశలో ఉండదు. గెలుపు ఖాయమని విని ఇంట్లో కూర్చునే మద్దతుదారులూ ఉంటారు. చట్టం ఎప్పుడు ప్రచురించాలో చెబుతుంది గానీ ఏం వెల్లడించాలో చెప్పదు. ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు మాత్రం సర్వే ఎవరు చేశారు, ఎవరు చేయించారు, శాంపిల్ ఎంత, ఎలా ఎంచుకున్నారు అన్నవి ఇవ్వాలంటాయి. నా దృష్టిలో నిషేధం కన్నా ఈ వెల్లడిని తప్పనిసరి చేయడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఫలితం వచ్చాక చూడాల్సిన కాగితం

2015 బ్రిటన్ ఎన్నికల్లో ఒపీనియన్ పోల్స్ తప్పినప్పుడు, సర్వే సంస్థల మండలి స్వయంగా విచారణ వేయించింది. ఆఖరి రోజుల్లో జనం మనసు మార్చుకోవడం, జనం అబద్ధం చెప్పడం వంటి కారణాలన్నీ పరిశీలించి, శాంపిల్‌లోకి వచ్చినవాళ్లే ప్రాతినిధ్యం లేనివాళ్లని, ప్రధాన లోపం అదేనని తేల్చారు.

మన దగ్గర అలాంటి విచారణకు కావలసిన సమాచారం నిజానికి సిద్ధంగా ఉంటుంది. లెక్కింపు తర్వాత ప్రతి నియోజకవర్గానికీ ఫారం 20 వస్తుంది. ప్రతి బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది. సర్వే సంస్థ 112వ నంబర్ బూత్‌లో ఇరవై మందిని అడిగితే పన్నెండు మంది ఎ పార్టీ అన్నారనుకోండి. ఫారం 20లో ఆ బూత్‌లో ఎ పార్టీకి ఎంత శాతమో చూడొచ్చు. ఒక్క బూత్‌తో ఏమీ తేలదు, ఇరవై మంది చాలా తక్కువ. ఎంచుకున్న వంద బూత్‌లనూ కలిపి చూస్తే తప్పు ఎక్కడుందో విడిపోతుంది. ఆ బూత్‌లలో సర్వే అంకె, అసలు అంకె వేరుగా ఉంటే జనం జవాబివ్వలేదు లేదా నిజం చెప్పలేదు. ఆ రెండు అంకెలూ సరిపోయి, ఆ బూత్‌ల ఫలితం మాత్రం రాష్ట్ర ఫలితానికి దూరంగా ఉంటే బూత్‌ల ఎంపిక తప్పింది. అన్నీ సరిపోయి సీట్లు మాత్రం తప్పితే, ఓట్లను సీట్లుగా మార్చిన లెక్క తప్పింది. ఈ పోలికను బయటపెట్టమని ఎగ్జిట్ పోల్ ప్రసారం చేసిన ప్రతి చానెల్ తన సర్వే సంస్థను అడగొచ్చు. ఒప్పందంలోనే ముందుగా రాసుకోవచ్చు.